స్పోర్ట్స్ మోడ్ పెడితే బంతి బాగా కనిపిస్తుందా?

గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి సెకనుకు దాదాపు 39 మీటర్లు వెళ్తుంది. బౌలర్ చేతిలోంచి బ్యాటర్ ముందుకు చేరడానికి దానికి పట్టేది సుమారు అర సెకను. మన దేశంలో టీవీ ప్రసారం సెకనుకు 50 బొమ్మల లెక్కన నడుస్తుంది కాబట్టి ఆ అర సెకనులో మన తెర మీదికి వచ్చేవి పాతిక బొమ్మలే. ఒక బొమ్మకీ తర్వాతి బొమ్మకీ మధ్య బంతి 78 సెంటీమీటర్లు ముందుకు జరిగిపోతుంది. బంతి అడ్డుకొలత ఏడు సెంటీమీటర్ల పైచిలుకు. అంటే ప్రతిసారీ తన వెడల్పుకు పదింతలకు పైగా దూరం మాయమై, మరో చోట తేలుతుందన్నమాట.

టీవీ కంపెనీలు స్పోర్ట్స్ మోడ్‌ను, మోషన్ సెట్టింగులను అమ్ముకునేది ఈ ఖాళీని చూపించే. మధ్యలో లేని బొమ్మలను మా టీవీ తయారుచేసి పెడుతుంది, బంతి నున్నగా సాగిపోతూ కనిపిస్తుంది అంటాయి. షాపులో పెట్టిన డెమో వీడియోలో అది నిజంగానే అలా కనిపిస్తుంది. ఇంటికొచ్చి మ్యాచ్ పెట్టాక మాత్రం కొందరికి బంతి బాగా కనిపిస్తున్నట్టు ఉంటుంది. ఇంకొందరికి బ్యాట్ అంచులు నీళ్లలో పెట్టినట్టు వణుకుతూ కనిపిస్తాయి. ఒక్కోసారి బంతి రెండుగా చీలి, మళ్లీ ఒకటవుతుంది. వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. క్రికెట్‌లో బంతి ఒకే రకంగా కదలదు. ఒక కదలికకు పనికొచ్చిన సెట్టింగు ఇంకో కదలికను పాడుచేస్తుంది.

ముందు ఆ మోడ్ ఏం చేస్తుందో చూద్దాం. చాలా టీవీల్లో స్పోర్ట్స్ మోడ్ అంటే ముందే కలిపిపెట్టిన సెట్టింగుల మూట. వెలుగు పెంచుతుంది, రంగులు ముదురు చేస్తుంది, తెలుపును కాస్త నీలం వైపు నెడుతుంది, షార్ప్‌నెస్ పెంచుతుంది, మోషన్ సెట్టింగును మధ్యస్థానికో పైస్థాయికో తీసుకెళ్తుంది. కొన్నింటిలో శబ్దం కూడా మారుతుంది. స్టేడియం హోరు పెరిగి కామెంటేటర్ గొంతు అడుగున పడుతుంది. వీటిలో బంతి కదలికతో సంబంధం ఉన్నది చివరి మోషన్ సెట్టింగు ఒక్కటే. మిగతావన్నీ మైదానాన్ని పచ్చగా, జెర్సీలను మెరిసేలా చేయడానికి. మోడ్ మార్చగానే ‘ఆహా, బాగుంది’ అనిపించేది ఎక్కువగా ఆ వెలుగు వల్లే.

బౌలర్ వెనక కెమెరా

మనం ఒక ఓవర్‌ను ఎక్కువగా చూసేది బౌలర్ వెనక, ఎత్తులో ఉండే కెమెరా నుంచి. అది మైదానం బయట చాలా దూరంలో ఉండి, పెద్ద జూమ్ లెన్సుతో పిచ్‌ను దగ్గరికి లాగి చూపిస్తుంది. ఆ కోణంలో బంతి మనకు అడ్డంగా పోదు, మన ముందు నుంచి దూరంగా పోతుంది. కాబట్టి మైదానంలో 39 మీటర్ల వేగమున్నా తెర మీద అది జరిగే దూరం చాలా తక్కువ. హెచ్‌డీ తెర మీద బంతి విడుదలైన చోటికీ బ్యాట్‌కీ మధ్య రెండు మూడు వందల పిక్సెళ్లు ఉంటాయనుకుందాం. పాతిక బొమ్మల మీద పంచితే ఒక్కో బొమ్మకు వచ్చేది పదీ పన్నెండు పిక్సెళ్లు. ఇది ఏ మామూలు టీవీ అయినా తేలిగ్గా చూపించగలిగే కదలిక. మైదానంలో అతి వేగంగా పోయేది పేసర్ బంతి కావచ్చు గానీ, తెర మీద అతి వేగంగా పోయేది అది కాదు.

మరి అది ఎందుకు కనబడదు? చిన్నది కాబట్టి. ఆ షాట్‌లో బ్యాటర్ తెర ఎత్తులో పావు వంతు ఉన్నాడనుకుంటే, హెచ్‌డీలో అతని ఎత్తు 270 గీతలు. ఆ నిష్పత్తిలో బంతి పదకొండు పిక్సెళ్లు. తెలుగు కామెంటరీ కోసమో, ప్యాక్ ధర తగ్గుతుందనో ఎస్‌డీ ఛానల్ పెట్టుకున్న ఇళ్లలో మొత్తం గీతలే 576. అక్కడ బంతి ఐదారు గీతలకు కుంచించుకుపోతుంది. అంత చిన్న చుక్క, కంప్రెషన్ వల్ల గడ్డి అలికినట్టయిపోయిన చోట, ఎరుపో తెలుపో కూడా తెలియకుండా పోతుంది. ఎస్‌డీ నుంచి హెచ్‌డీకి మారితే వచ్చే లాభం ఏ మోషన్ సెట్టింగూ ఇవ్వలేదు.

ఇంకో సంగతి. బంతిని చివరిదాకా కంటితో వెంబడించాలని మనం అనుకుంటాం గానీ, బ్యాటర్లే అలా చేయరు. 2000లో మైకేల్ లాండ్, పీటర్ మెక్‌లియాడ్ అనే పరిశోధకులు బౌలింగ్ మెషీన్ ముందు బ్యాటర్ల కంటి కదలికలను కొలిచారు. బంతి విడుదలైన క్షణాన్ని చూసి, తర్వాత వాళ్ల చూపు బంతిని వదిలేసి అది పిచ్ అయ్యే చోటికి ముందే దూకుతుంది. అక్కడ బంతి కోసం ఎదురుచూసి, లేచాక కాసేపు వెంబడిస్తుంది. ఆట బాగా తెలిసినవాడి చూపు ఇంకాస్త ముందుగా దూకుతుంది. చాలాకాలంగా మ్యాచ్‌లు చూసేవాళ్ల కళ్లూ ఇలాంటి అంచనా మీదే నడుస్తాయని నా అనుమానం. అందుకే కొత్తగా చూసేవాళ్లకు కనపడని బంతి ఇంట్లో పెద్దాయనకు పాత టీవీలోనూ కనిపిస్తుంది.

కవర్ డ్రైవ్ కొట్టాక

అసలు కష్టం బ్యాట్ తగిలాక మొదలవుతుంది. బంతి సెకనుకు 30 మీటర్ల వేగంతో అడ్డంగా కవర్స్ వైపు దూసుకెళ్లిందనుకోండి. పైన చెప్పిన జూమ్‌లో మీటరుకు 150 పిక్సెళ్లు. అంటే ఒక్కో బొమ్మకు 90 పిక్సెళ్ల దూకుడు. పదకొండు పిక్సెళ్ల వస్తువు తన వెడల్పుకు ఎనిమిదింతలు ఎగిరిపోతోంది. సరిగ్గా అప్పుడే కెమెరా కూడా దాని వెంట తిరగడం మొదలుపెడుతుంది.

మోషన్ సెట్టింగు పనిచేసే పద్ధతి ఇక్కడ తెలియాలి. డబ్బా మీద ఎంఈఎంసీ అని రాసేది దీన్నే. టీవీ రెండు వరుస బొమ్మలను తీసుకుని, వాటిని చిన్న చిన్న గళ్లుగా విడగొడుతుంది. మొదటి బొమ్మలోని ప్రతి గడీ రెండో బొమ్మలో ఎక్కడికి జరిగిందో చుట్టుపక్కల కొంతమేర వెతుకుతుంది. దొరికితే, ఆ రెండు చోట్లకీ సగం దూరంలో దాన్ని పెట్టి మధ్య బొమ్మ గీస్తుంది. ఆటగాడి జెర్సీ, గడ్డి మీది చారలు, బౌండరీ బోర్డు లాంటి పెద్ద వస్తువుల విషయంలో ఇది చక్కగా కుదురుతుంది.

బంతి దగ్గరే బోల్తా పడుతుంది. బంతి ఒక గడి కంటే చిన్నది కావచ్చు. అప్పుడు ఆ గడిలో ఎక్కువ భాగం గడ్డే. గడ్డి ఎటు జరిగితే గడి అటే జరిగిందని టీవీ లెక్కవేస్తుంది. కెమెరా కుడివైపు తిరుగుతుంటే తెర మీద గడ్డి ఎడమవైపు పరుగెడుతుంది. దానితోపాటు బంతినీ ఎడమకే లాగేస్తుంది. లేదా బంతి వెతికే పరిధిని దాటి ఎగిరిపోయి ఉంటుంది. అలాంటప్పుడు టీవీకి రెండో బొమ్మలో బంతి దొరకదు. చేసిన మధ్య బొమ్మలో బంతి అసలుండదు, లేదా పాత చోట సగం, కొత్త చోట సగం వెలిసినట్టు రెండు బంతులుంటాయి. కన్ను ఒక బొమ్మలో నిజమైన బంతిని, తర్వాతి బొమ్మలో ఖాళీని, మళ్లీ నిజమైన బంతిని చూస్తుంది. ఈ మినుకుమినుకు మామూలు దూకుడు కంటే చిరాకు పెడుతుంది. బ్యాట్ చుట్టూ కనిపించే వణుకూ ఇదే జాతి తప్పు. బ్యాట్ అడ్డు తొలగాక వెనక కొత్తగా బయటపడిన పిచ్ ఎలా ఉండాలో టీవీకి తెలియదు కాబట్టి ఊహించి పూస్తుంది.

కెమెరామన్ బంతిని పట్టుకున్నాక కథ మారుతుంది. మంచి కెమెరామన్ బంతిని తెర మధ్యలోనే ఉంచుతాడు. అప్పుడు తెర మీద బంతి దాదాపు కదలదు, గడ్డీ జనం బోర్డులే వెనక్కి పరుగెడతాయి. ఒక బోర్డు తెర ఈ చివర నుంచి ఆ చివరికి రెండు సెకన్లలో దాటితే, అది సెకనుకు 960 పిక్సెళ్ల వేగం. ఎల్‌సీడీ అయినా ఓఎల్‌ఈడీ అయినా ఒక బొమ్మను తర్వాతి బొమ్మ వచ్చేదాకా, అంటే సెకనులో యాభయ్యో వంతు పాటు, కదలకుండా నిలబెట్టి ఉంచుతుంది. బోర్డు మీది అక్షరాలను చదువుదామని కన్ను వాటి వెంట జరుగుతూనే ఉంటుంది. ఆ తేడా వల్ల అక్షరాలు 19 పిక్సెళ్ల మేర అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. పాత డబ్బా టీవీలో ప్రతి చుక్కా క్షణకాలం మెరిసి ఆరిపోయేది కాబట్టి ఈ అలుకుడు ఉండేది కాదు. పాత టీవీలోనే ఆట స్పష్టంగా ఉండేదని పెద్దవాళ్లు అంటే, గీతల సంఖ్యలో కాకపోయినా కదలికలో వాళ్ల మాటకు ఆధారం ఉంది.

మధ్య బొమ్మలు చేర్చితే ఆ అలుకుడు సగానికి తగ్గుతుంది. బోర్డు, పరుగెత్తే ఫీల్డర్, గడ్డి చారలు తేటపడతాయి. గమనించండి, తేటపడినవి బంతి చుట్టూ ఉన్నవి. తెర మధ్యలో నిలిచిన బంతికి ఆ సాయం పెద్దగా అక్కర్లేదు. అయినా చూడటానికి హాయిగా ఉంటుంది కాబట్టి ‘బంతి బాగా కనిపిస్తోంది’ అనుకుంటాం. ఇక కెమెరా షట్టర్ తెరిచి ఉన్నంతసేపు బంతి కదలడం వల్ల బొమ్మలోనే పడిపోయిన మసక ఒకటుంటుంది. దాన్ని ఏ టీవీ తీయలేదు.

అసలు ఆ మధ్య బొమ్మకు చోటుందా?

అమ్మేవాళ్లు దాటవేసే ప్రశ్న ఇది. మన ఇళ్లలోని చాలా టీవీల ప్యానెల్ 60 హెర్ట్జ్‌ది. డీటీహెచ్ బాక్స్ నుంచి సెకనుకు 50 బొమ్మలు వస్తే, సాధారణంగా అది 50 హెర్ట్జ్‌కు మారి, వచ్చిన బొమ్మను వచ్చినట్టు చూపిస్తుంది. మధ్యలో కొత్త బొమ్మ పెట్టడానికి జాగాయే లేదు. ఎంఈఎంసీ అని రాసి ఉన్నా, ఆ సిగ్నల్ విషయంలో అది చేసేది దాదాపు శూన్యం. 120 హెర్ట్జ్ ప్యానెల్ అయితే 100కు మారి, ప్రతి రెండు బొమ్మల మధ్య ఒకటి గీస్తుంది. డబ్బా మీద పెద్దక్షరాలతో వేసే మోషన్ రేట్ అంకె, ప్యానెల్ అసలు రేటు వేరువేరు కావచ్చు. అడగాల్సింది ప్యానెల్ రేటు.

స్ట్రీమింగ్‌లో చిక్కు ఇంకోలా ఉంటుంది. 43 అంగుళాల 60 హెర్ట్జ్ టీవీ, దానికి గుచ్చిన స్ట్రీమింగ్ స్టిక్, రాత్రి టీ20 మ్యాచ్ అనుకుందాం. మన ఇళ్లలో ఇది మామూలు అమరిక. స్టిక్ మామూలుగా 60 హెర్ట్జ్‌లో సిగ్నల్ పంపుతుంది. యాప్ ఇచ్చే మ్యాచ్ 50 బొమ్మలది. 50ని 60గా చేయడానికి స్టిక్ ప్రతి ఐదో బొమ్మను రెండుసార్లు చూపిస్తుంది. అంటే సెకనుకు పదిసార్లు బంతి ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదులుతుంది. కవర్ డ్రైవ్ వెంట కెమెరా తిరిగినప్పుడు తెర మొత్తం సన్నగా కుదుపుతూ వెళ్తుంది. ఇది చూసిన ఇంటాయన స్పోర్ట్స్ మోడ్ పెట్టి, మోషన్‌ను పైస్థాయికి తోస్తాడు. టీవీకి ఇప్పుడు వచ్చిన అరవైలో పది నకళ్లు. కదలని రెండు బొమ్మలు, తర్వాత ఒక్కసారిగా కదిలిన బొమ్మ వస్తుంటే దాని లెక్క ఇంకా తప్పుతుంది.

ఈ రోగానికి మందు వేరే మెనూలో ఉంది. ఫైర్ టీవీ స్టిక్‌లో `Display & Sounds` కింద డిస్‌ప్లే సెట్టింగుల్లో `Match Original Frame Rate` అని ఉంటుంది. ఆపిల్ టీవీలో `Match Content` కింద `Match Frame Rate`, కొత్త ఆండ్రాయిడ్ టీవీ బాక్సుల్లో `Match content frame rate`. దాన్ని ఆన్ చేస్తే, యాప్ సహకరిస్తే, మ్యాచ్ మొదలైనప్పుడు తెర ఒక్క సెకను నల్లబడి 50 హెర్ట్జ్‌కు మారుతుంది. యాప్ సహకరించకపోతే స్టిక్ అవుట్‌పుట్‌ను 1080p 50 హెర్ట్జ్ అని చేత్తోనే ఎంచుకుని, మ్యాచ్ అయ్యాక మళ్లీ మార్చుకోవాలి.

మారిందో లేదో ఫోన్‌తోనే తేల్చుకోవచ్చు. చాలా ఫోన్లలో సెకనుకు 240 బొమ్మల స్లో మోషన్ ఉంటుంది. కెమెరా మైదానం మీద తిరిగేటప్పుడు టీవీని దానితో తీసి, ఒక్కో బొమ్మగా ముందుకు జరపండి. 60 హెర్ట్జ్ కుదుపు ఉంటే నాలుగు కదలికలు ఫోన్‌లో నాలుగేసి బొమ్మల పాటు నిలిచి, ఐదోది ఎనిమిది బొమ్మల పాటు నిలుస్తుంది. కుదిరితే అన్నీ సుమారు ఐదేసి చొప్పున సమానంగా జరుగుతాయి. ప్రతి కదలికా తొమ్మిది పది బొమ్మలు నిలిచిందంటే యాప్ మీకు పాతిక బొమ్మల ప్రసారమే ఇస్తోందని అర్థం. అప్పుడు బౌలర్ చేతి నుంచి బ్యాట్ దాకా మీకు దక్కేవి పన్నెండు బొమ్మలు. ఆ మధ్య ఖాళీలు పూరించడానికి మోషన్ సెట్టింగుకు చోటు దొరికేది ఇక్కడే. కానీ ఖాళీ రెట్టింపు కావడం వల్ల తప్పులు కూడా ఇక్కడే ఎక్కువ. సాధనం అవసరమైన చోటే బలహీనంగా ఉంటుంది.

సిగ్నల్ సరిపడ్డాక మిగతా పని చిన్నది. పిక్చర్ మోడ్‌ను స్పోర్ట్స్ నుంచి మామూలు స్టాండర్డ్‌కు తెచ్చి, నాయిస్ రిడక్షన్ పూర్తిగా ఆపేయండి. టీవీ దృష్టిలో నాయిస్ అంటే ఒక బొమ్మలో ఒక చోట, తర్వాతి బొమ్మలో లేకుండా పోయే చిన్న చుక్క. వేగంగా పోయే బంతికీ సరిగ్గా అదే లక్షణం. తుడిచేయమని మనమే చెబితే తుడిచేస్తుంది. షార్ప్‌నెస్‌ను మధ్యకు దించండి. ఎక్కువైతే బంతి చుట్టూ నల్ల అంచు, ఆ బయట తెల్ల వలయం వస్తాయి. అంచు వల్ల బంతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుందని కొందరంటారు, నిజమే. కానీ గడ్డి పోచలకూ అదే అంచు వచ్చి, నేల మీద దొర్లే బంతి ఆ గరుకులో కలిసిపోతుంది.

సిక్సర్ల సంగతి పగటికీ రాత్రికీ తేడా. రాత్రి నల్లటి ఆకాశంలో తెల్ల బంతి ఎలాగూ కనిపిస్తుంది. పగలు వన్డేలో తెల్లటి మబ్బు ముందుకు బంతి వెళ్లినప్పుడు స్పోర్ట్స్ మోడ్ దెబ్బతీస్తుంది. కాంట్రాస్ట్ పెంచి మబ్బునూ బంతినీ ఒకే తెలుపు చేసేస్తుంది. డైనమిక్ కాంట్రాస్ట్ ఆపి, కాంట్రాస్ట్ అంకెను కాస్త తగ్గిస్తే బంతి నీడవైపు బూడిద రంగు మళ్లీ బయటపడుతుంది.

చివరిగా మోషన్. ఎల్‌జీలో `TruMotion`, సోనీలో `Motionflow`, శాంసంగ్‌లో `Picture Clarity` లేదా `Auto Motion Plus`, ఏ పేరున్నా ముందు ఆఫ్ చేసి ఒక ఓవర్ చూడండి. తర్వాత అతి తక్కువ స్థాయిలో పెట్టి ఇంకో ఓవర్. చేత్తో అంకెలు మార్చే వీలున్న టీవీల్లో `De-Judder` రెండు మూడు దాటనివ్వకండి. చూడాల్సినవి బోర్డు మీది అక్షరాలు కావు, అవి ఎప్పుడూ బాగుపడతాయి. బ్యాట్ అంచు, స్కోరు పట్టీకి ఆనుకుని కదిలే కాళ్లు, కవర్స్ వైపు పోయే బంతి, ఈ మూడూ చూడండి. పట్టీ అంచు వంగినా, బంతి రెండైనా ఒక మెట్టు దించాలి.

`LED Clear Motion` వంటి పేర్లతో ఇంకో సెట్టింగు ఉంటుంది. ఇది కొత్త బొమ్మ గీయదు. రెండు బొమ్మల మధ్య తెరను నల్లగా చేస్తుంది. పాత డబ్బా టీవీ తీరు ఇదే. అబద్ధపు బంతులు రావు, అలుకుడు నిజంగా తగ్గుతుంది. కాకపోతే వెలుగు దాదాపు సగం పోతుంది, 50 హెర్ట్జ్‌లో తెర మినుకుతున్నట్టు అనిపిస్తుంది, కొందరికి తలనొప్పి వస్తుంది. దీపాలు తగ్గించిన గదిలో రాత్రి మ్యాచ్‌కు ప్రయత్నించదగ్గది. పగలు కిటికీలు తెరిచిన హాల్లో వద్దు.

నా తీర్పు అడిగితే, క్రికెట్‌కు స్పోర్ట్స్ మోడ్ అక్కర్లేదు. మోషన్ సెట్టింగు కెమెరా తిరిగినప్పుడు కంటికి హాయినిస్తుంది గానీ, కొట్టిన తొలి క్షణాల్లో బంతిని చూపించడం దాని వల్ల కాదు. ఆ క్షణాల్లో పనికొచ్చేవి ప్రసారంలో నిజంగా ఉన్న బొమ్మలే. పాతిక బొమ్మల 4కే ప్రసారం కంటే యాభై బొమ్మల హెచ్‌డీ ప్రసారంలోనే బంతి వెంట పడటం తేలిక. ప్రకటనల్లో 4కే అన్న మాట పెద్దగా కనిపిస్తుంది, సెకనుకు ఎన్ని బొమ్మలో అరుదుగా కనిపిస్తుంది. వచ్చే సీజన్‌కు చందా కట్టేముందు యాప్‌వాళ్లను ఆ అంకె అడగండి. టీవీ కొనేముందు షాపులో డెమో వీడియో తీయించి, మ్యాచ్ పెట్టించి ఒక ఓవర్ చూడండి.